ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు: సంజాయిషీ ఉత్తరంలో ఏముండాలి?

ఒక కథ అనుకుందాం. గుంటూరులో మిరపపొడి ప్యాక్ చేసే చిన్న కంపెనీ. అకౌంట్స్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మే 14న జీఎస్టీ పోర్టల్‌లో ఏప్రిల్ నెల 2బి పట్టీ తెరిచింది. మనకు సరుకు అమ్మినవాళ్లు ప్రభుత్వానికి చూపించిన బిల్లులన్నీ అందులో ఉంటాయి. ప్యాకింగ్ టేపు అమ్మిన దుకాణం బిల్లు అక్కడ ఒకటే ఉంది. కంపెనీ పుస్తకాల్లో మాత్రం రెండున్నాయి. రెండూ 47,200 రూపాయలవే: సరుకు విలువ 40,000, జీఎస్టీ 7,200.

తవ్విచూస్తే సంగతి తెలిసింది. ఆ బిల్లు ఏప్రిల్ మొదట్లో మెయిల్‌లో వచ్చింది. నంబరు 147 అని ఎక్కించి, 10న నెఫ్ట్‌లో డబ్బు పంపింది. తర్వాత గోడౌన్ నుంచి అసలు కాగితం, సరుకు ముట్టినట్టు ముద్రతో సహా వచ్చింది. ఈసారి కాగితం మీద ఉన్నట్టే బీపీ/147 అని ఎక్కించింది. నంబర్లు వేరుగా కనిపించడంతో కంప్యూటర్ పట్టుకోలేదు. 24న మళ్లీ డబ్బు వెళ్లింది.

దుకాణం ఖాతా చూస్తే ఈ తప్పు బయటపడదు. రెండు బిల్లులు, రెండు చెల్లింపులు సరిపోయి నిల్వ సున్నా చూపిస్తుంది. అందుకే ఇలాంటివి నెలల తరబడి దాగి ఉంటాయి.

ఆమె వెంటనే ఉత్తరం రాసింది: “అనుకోకుండా పొరపాటు జరిగింది, ఎంతో చింతిస్తున్నాము, దయచేసి అదనపు మొత్తం వెనక్కి పంపగలరు.” సీనియర్ అకౌంటెంట్ చదివి పక్కన పెట్టారు.

“డబ్బు రెండుసార్లూ వాళ్లకు చేరిందని చూశావా అమ్మా?”

“పంపినట్టు మన దగ్గర ఉంది సార్.”

“పంపడం వేరు, చేరడం వేరు. ఒక్కోసారి నెఫ్ట్ వెనక్కి వస్తుంది. ముందు బ్యాంకు స్టేట్‌మెంట్ చూడు. ఇంకో మాట, వాళ్లు ఆ రెండో డబ్బును వేరే బిల్లు కింద జమ చేసుకుని ఉంటే?”

ఈ రెండో ప్రశ్నే కీలకం. మేలో ఇంకో 30,000 రూపాయల సరుకు వచ్చింది, దానికి ఇంకా డబ్బు ఇవ్వలేదు. దుకాణం వాళ్లు ఆ అదనపు డబ్బును దానికి సర్దుకుని ఉంటే, వెనక్కి రావాల్సింది 17,200 మాత్రమే. ఆ సంగతి తేలకుండా మొత్తం 47,200 అడిగితే ఇంకో పొరపాటు మొదలవుతుంది. అడగాల్సింది ముందు లెక్క, తర్వాత డబ్బు.

స్టేట్‌మెంట్‌లో రెండు చెల్లింపులూ వెళ్లినట్టే ఉన్నాయి, ఏదీ తిరిగి రాలేదు. ఆమె మళ్లీ రాసింది:

“అయ్యా, మీ బిల్లు బీపీ/147కు ఏప్రిల్ 10న 47,200 రూపాయలు చెల్లించాము. అదే బిల్లును మా పుస్తకాల్లో మరోసారి నమోదు చేసి, 24న మళ్లీ అంతే మొత్తం పంపాము. తప్పు మాదే, మీ బిల్లులో లోపం లేదు. మీకు కలిగించిన ఇబ్బందికి క్షమించండి. రెండు చెల్లింపుల యూటీఆర్ నంబర్లు, మా పుస్తకాల్లోని మీ ఖాతా నకలు జతచేశాము. 24న వచ్చిన మొత్తాన్ని మీరు ఏ ఖాతాలో చూపించారో తెలియజేయండి. మే బిల్లు 30,000కు సర్దుకుని మిగిలింది పంపినా, మొత్తం తిరిగి పంపినా మాకు సమ్మతమే. తిరిగి పంపేదైతే, డబ్బు వచ్చిన ఖాతాకే పంపండి. ఈ ఉత్తరం మీద అనుమానం ఉంటే, మీ దగ్గర ముందునుంచీ ఉన్న మా ఆఫీసు నంబరుకు ఫోన్ చేయండి.”

చివరి రెండు వాక్యాలు మోసాల కాలానికి అవసరం. “పొరపాటున డబ్బు వచ్చింది, ఈ కొత్త ఖాతాకు పంపండి” అనడం మోసగాళ్ల పద్ధతి. యూటీఆర్ అంటే ప్రతి బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తు. అది చేతిలో ఉంటే అవతలివాళ్లు తమ స్టేట్‌మెంట్‌లో డబ్బును తేలిగ్గా పోల్చుకుంటారు. జమ అయిన డబ్బును అవతలివాళ్లు ఒప్పుకోకుండా బ్యాంకు తనంతట తాను వెనక్కి లాగి ఇవ్వదు. పొరపాటున వచ్చిన డబ్బు తిరిగివ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతోంది. అయినా మొదటి ఉత్తరంలో చట్టం ఎత్తితే పని జరగదు, సంబంధం చెడుతుంది.

ఉత్తరంతో పని పూర్తి కాదు. రెండోసారి ఎక్కించిన బిల్లును పుస్తకాల్లో రద్దు చేయాలి. అప్పుడు దుకాణానికి 47,200 అదనంగా వెళ్లిందని ఖాతా నిజం చూపిస్తుంది. ఆ బిల్లు మీద రెండోసారి రాసుకున్న 7,200 జీఎస్టీ క్రెడిట్‌నూ తీసేయాలి. మే 20న దాఖలు చేయాల్సిన రిటర్న్‌కు ముందే ఆమె చూసింది కాబట్టి, అక్కడ వడ్డీ బెడద తప్పింది. ఇక ముందు ఏ బిల్లయినా నంబరును కాగితం మీద ఉన్నది ఉన్నట్టు, గీతలూ అక్షరాలతో సహా ఎక్కించాలి. మెయిల్‌లో వచ్చిన నకలు మీద డబ్బు పంపితే, తర్వాత వచ్చే అసలు కాగితం మీద “చెల్లించాము” అని తేదీ రాసి ఫైలులో పెట్టాలి.