ఏ రిక్వెస్ట్ ఏ సర్వర్‌కి?

పెద్ద వెబ్‌సైట్ చిరునామాను బ్రౌజర్‌లో కొట్టినప్పుడు, ఆ రిక్వెస్ట్ పేజీని తయారుచేసే సర్వర్‌కు నేరుగా వెళ్లదు. ముందు రివర్స్ ప్రాక్సీ అనే ప్రోగ్రామ్ దాన్ని అందుకుంటుంది. బయటి ప్రపంచానికి కనిపించేది ప్రాక్సీ చిరునామా ఒక్కటే. రిక్వెస్ట్‌ను అది లోపలి సర్వర్లలో ఒకదానికి పంపి, జవాబు తెప్పించి, అడిగినవారికి అందిస్తుంది. రహస్య సంకేతాలతో వచ్చిన హెచ్‌టీటీపీఎస్ సమాచారాన్ని విప్పే పనిని కూడా చాలాచోట్ల ఇదే చేస్తుంది. లోపలి సర్వర్‌కు వచ్చే కనెక్షన్లన్నీ ప్రాక్సీ నుంచే వస్తాయి కాబట్టి, అసలు అడిగినవారి ఐపీ చిరునామాను `X-Forwarded-For` అనే హెడర్‌లో రాసి పంపుతుంది.

లోపల ఒకటికి మించి సర్వర్లున్నప్పుడు పనిని వాటికి పంచడమే లోడ్ బ్యాలెన్సింగ్. 2004లో ఇగోర్ సిసోయెవ్ విడుదల చేసిన ఇంజిన్ఎక్స్ ఈ రెండు పనులూ చేస్తుంది. పరీక్ష ఫలితాలు చూపే వెబ్‌సైట్‌కు మూడు సర్వర్లున్నాయనుకుంటే, అందులో రాయాల్సింది ఇంతే:

```
upstream results {
    least_conn;
    server 10.0.0.11:8080;
    server 10.0.0.12:8080;
    server 10.0.0.13:8080;
}
```

ఇందులో రెండో పంక్తి తీసేస్తే పంపకం రౌండ్ రాబిన్ పద్ధతిలో సాగుతుంది. మొదటి రిక్వెస్ట్ మొదటి సర్వర్‌కు, రెండోది రెండోదానికి, మూడోది మూడోదానికి వెళ్లి, నాలుగోది మళ్లీ మొదటికొస్తుంది. ఒక యంత్రం మిగతావాటికన్నా శక్తిమంతమైనదైతే దాని పక్కన `weight=2` అని రాస్తే దానికి రెట్టింపు వాటా దక్కుతుంది. యంత్రాలు సరిసమానంగా ఉండి, ప్రతి రిక్వెస్ట్‌కూ దాదాపు ఒకే సమయం పడుతున్నంతకాలం ఇంతకన్నా మంచి పద్ధతి అవసరం లేదు.

చిక్కు ఎక్కడొస్తుందో ఒక లెక్కతో తెలుస్తుంది. సెకనుకు 300 రిక్వెస్ట్‌లు వస్తున్నాయి. ఒక్కో జవాబుకు 0.1 సెకను పడుతుంది. ప్రతి సర్వర్ ఏకకాలంలో 40 రిక్వెస్ట్‌ల పని చూడగలదు. రౌండ్ రాబిన్‌లో ఒక్కో సర్వర్‌కు సెకనుకు 100 వస్తాయి. 100ను 0.1తో గుణిస్తే 10. అంటే ఏ క్షణంలో చూసినా ఒక్కో సర్వర్‌లో పదే నడుస్తుంటాయి, ముప్పై ఖాళీలుంటాయి.

ఇప్పుడు మూడో సర్వర్ డిస్క్ నెమ్మదించి ఒక్కో జవాబుకు పూర్తి సెకను తీసుకుంటోందనుకుందాం. నలభై చోట్లూ నిండినా అది సెకనుకు 40 మాత్రమే పూర్తిచేయగలదు. రౌండ్ రాబిన్ మాత్రం ఎప్పటిలా 100 పంపుతూనే ఉంటుంది. సెకనుకు 60 చొప్పున పేరుకుపోయి, పది సెకన్లలో 600 రిక్వెస్ట్‌లు వరుసలో నిలుస్తాయి. ఆ వరుస చివర చేరినవారు పదిహేను సెకన్లు ఆగాలి. అదే సమయంలో మిగతా రెండు సర్వర్లలో మూడొంతుల సామర్థ్యం ఖాళీగా పడి ఉంటుంది. ప్రతి ముగ్గురిలో ఒకరికి సైట్ పనిచేయదు, ఇద్దరికి చక్కగా తెరుచుకుంటుంది. అందుకే ఇలాంటి లోపం ఆఫీసులో ఒకసారి తెరిచి చూసినవారికి దొరకకపోవచ్చు. లాగ్‌లో `$upstream_addr`, `$upstream_response_time` విలువలను రాయించి, సర్వర్‌వారీగా విడదీసి చూస్తే వెంటనే బయటపడుతుంది.

లీస్ట్ కనెక్షన్స్ పద్ధతి ఈ చిక్కును చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. ప్రస్తుతం ఏ సర్వర్ దగ్గర తక్కువ రిక్వెస్ట్‌లు నడుస్తున్నాయో చూసి కొత్తదాన్ని అక్కడికి పంపుతుంది. నెమ్మదించిన సర్వర్‌లో పని త్వరగా తెమలదు కాబట్టి దాని వంతు అరుదుగా వస్తుంది. పై ఉదాహరణలో మూడింటి దగ్గరా సుమారు 14 చొప్పున నడుస్తూ నిలకడ వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న రెండింటికీ సెకనుకు దాదాపు 143 చొప్పున, మూడోదానికి 14 మాత్రమే వెళ్తాయి. ఆలస్యం వందలో ఐదుగురికి పరిమితమవుతుంది, అదీ ఒక్క సెకనే. బ్యాలెన్సర్‌కు డిస్క్ గురించి ఏమీ తెలియకపోయినా ఫలితం ఇంత మారడం ఈ పద్ధతిలోని గొప్పతనం.

అయితే దీనికీ ఒక ప్రమాదకరమైన బలహీనత ఉంది. మూడో సర్వర్ నెమ్మదించకుండా డేటాబేస్‌తో సంబంధం కోల్పోయి, వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌కూ 0.005 సెకనులోనే 500 నంబరు ఎర్రర్ పేజీ ఇస్తోందనుకుందాం. దాని దగ్గర ఎప్పుడూ రద్దీ కనిపించదు. లీస్ట్ కనెక్షన్స్ దాన్ని అందరికన్నా తీరికగా ఉన్న సర్వర్‌గా భావించి అత్యధిక రిక్వెస్ట్‌లను అక్కడికే తోస్తుంది. రౌండ్ రాబిన్‌లో మూడో వంతుతో ఆగే నష్టం ఇక్కడ చాలా పెద్దదవుతుంది. ఇంజిన్ఎక్స్ ఏదైనా సర్వర్ స్పందించకపోతే పది సెకన్లపాటు పక్కన పెడుతుంది. కానీ 500 ఎర్రర్‌ను వైఫల్యంగా లెక్కించాలంటే `proxy_next_upstream` వరుసలో `http_500` అని ప్రత్యేకంగా చేర్చాలి. ఈ పద్ధతిని ఎంచుకున్నవారు ముందుగా సరిచూసుకోవాల్సింది దీన్నే.

హాష్ పద్ధతి రద్దీని అసలు చూడదు. అడిగినవారి ఐపీ చిరునామా నుంచో, పేజీ చిరునామా నుంచో ఒక సంఖ్యను లెక్కగట్టి, దాని ప్రకారం ఎప్పుడూ ఒకే సర్వర్‌కు పంపుతుంది. లాగిన్ వివరాలో, సిద్ధంచేసిన పేజీలో ఒక సర్వర్ మెమరీలోనే ఉన్నప్పుడు ఇది పనికొస్తుంది. ఇంజిన్ఎక్స్‌లోని `ip_hash` మాత్రం ఐపీవీ4 చిరునామాలోని మొదటి మూడు భాగాలనే చూస్తుంది. మొబైల్ కంపెనీలు వేలమంది ఖాతాదారులను కొద్దిపాటి చిరునామాల వెనుక ఉంచడం మామూలే కనుక, వాళ్లందరూ ఒకే సర్వర్ మీద పడవచ్చు.

సర్వర్ల సంఖ్య మారితే ఇంకో కష్టం. హాష్ సంఖ్యను సర్వర్ల సంఖ్యతో భాగించి శేషాన్ని వాడే పద్ధతిలో, మూడింటికి నాలుగోది చేర్చగానే నాలుగింట మూడొంతుల పేజీలు వేరే సర్వర్‌కు మారిపోతాయి. దాచుకున్న పేజీలు వృథా అయి, డేటాబేస్ మీద ఒక్కసారిగా భారం పడుతుంది. 1997లో డేవిడ్ కార్గర్, సహ పరిశోధకులు ప్రచురించిన కన్సిస్టెంట్ హాషింగ్‌లో, కొత్త సర్వర్ వాటాకు వచ్చే నాలుగో వంతు మాత్రమే మారుతుంది.

బ్యాలెన్సర్లే చాలా ఉన్నప్పుడు లీస్ట్ కనెక్షన్స్ లెక్క తప్పుతుంది. ప్రతిదానికీ తాను పంపిన రిక్వెస్ట్‌లే తెలుస్తాయి. అవన్నీ పాతబడిన సమాచారంతో ఒకే సర్వర్‌ను ఖాళీదని నమ్మితే, అన్నీ కలిసి దాన్నే ముంచేస్తాయి. దీనికి మైఖేల్ మిట్జెన్‌మాకర్ 1996 నాటి డాక్టరేట్ సిద్ధాంత వ్యాసంలో లోతుగా విశ్లేషించిన ఉపాయం ఉంది. యాదృచ్ఛికంగా రెండు సర్వర్లను ఎంచి, వాటిలో భారం తక్కువున్నదానికి పంపితే చాలు. అన్నీ ఒకేచోటికి పరుగెత్తవు, అయినా బాగా నిండిన సర్వర్ తప్పిపోతుంది. ఒక్కదాన్నే గుడ్డిగా ఎంచడంకన్నా రెండింటిని పోల్చడం వల్ల అసమానత ఎంతో తగ్గుతుందని గణితం చూపింది. మూడింటిని పోల్చితే వచ్చే అదనపు లాభం స్వల్పం. ఇంజిన్ఎక్స్‌లో దీన్ని `random two least_conn;` అని రాస్తారు.

ఏ పద్ధతైనా ఉన్న సామర్థ్యాన్ని పంచగలదే తప్ప పెంచలేదు. మన ఉదాహరణలో ఒక్కో సర్వర్ సెకనుకు గరిష్ఠంగా 400 తెమల్చగలదు. మూడూ బాగున్నప్పుడు సెకనుకు 1,000 వచ్చినా ఇబ్బంది లేదు. వాటిలో ఒకటి ఆగిపోతే మిగిలిన రెండింటి మీద చెరి 500 పడి, రెండింటిలోనూ వరుస పెరగడం మొదలవుతుంది. ఒక సర్వర్ పోయినా సైట్ నిలవాలంటే, ఈ మూడింటికీ కలిపి సెకనుకు 800 దాటకముందే నాలుగో యంత్రాన్ని చేర్చాలి.