పన్నెండున ఫీజు కట్టా, పందొమ్మిదిన అనుమతి వచ్చింది!

ఫీజు రీయింబర్స్‌మెంట్ అనగానే మనకు గుర్తొచ్చేది ప్రభుత్వం కాలేజీకి కట్టేదే. కంపెనీ ఇచ్చేది అలా ఉండదు. ముందు మన జేబులోంచి కట్టాలి, పాసవ్వాలి, ఆ తర్వాత కాగితాలు పెట్టి అడగాలి. ఈ తేడా తెలియకే నేను ఏడున్నర వేలు పోగొట్టుకున్నా.

నా ఉద్యోగం మడికొండ ఐటీ పార్కులో. నిరుడు జులైలో దూరవిద్య ఎంబీఏలో చేరా. ఉద్యోగానికి పనికొచ్చే పార్ట్‌టైమ్ కోర్సయితే ట్యూషన్ ఫీజులో 75 శాతం తిరిగిస్తామని మా కంపెనీ పాలసీలో ఉంది. సెమిస్టర్ ట్యూషన్ ఫీజు 20 వేలు, అంటే నాకు 15 వేలు రావాలి. మేనేజర్ని అడిగితే "ఓకే, గో అహెడ్" అని చాట్‌లో పెట్టారు. అడ్మిషన్ గడువు దగ్గరపడింది. ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన డబ్బులోంచి బాపు పది వేలు తీసి, జులై 12న తన ఫోన్లోంచే మొదటి వాయిదా కట్టేశాడు. హెచ్‌ఆర్ పోర్టల్లో ఫారం నేను తర్వాత నింపా. అనుమతి 19న వచ్చింది.

ఫిబ్రవరిలో రిజల్ట్ వచ్చింది, పాసయ్యా, క్లెయిమ్ పెట్టా. నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది. కారణం ఒక్క లైను. "ఫీజు చెల్లింపు తేదీ అనుమతి తేదీకి ముందుంది."

మేనేజర్ చాట్ స్క్రీన్‌షాట్ పంపా. ఫైనాన్స్ మేడమ్ ఫోన్ చేసి నెమ్మదిగానే చెప్పారు. "చాట్‌లో ఓకే అంటే మీ సార్‌కి అభ్యంతరం లేదని మాత్రమే అమ్మా. డబ్బిస్తామని కంపెనీ ఒప్పుకున్నట్టు కాదు. ఆడిట్‌లో మేం చూపించాల్సింది పోర్టల్ అనుమతి, దాని మీద తేదీ." కోపమొచ్చింది కానీ, ఆవిడ చెప్పినదాంట్లో తప్పు లేదు. అనుమతి అంటే కోర్సు పేరు, యూనివర్సిటీ, ఎన్ని సెమిస్టర్లు, మొత్తం ఫీజు, కంపెనీ ఇచ్చే శాతం, ఇవన్నీ రాసి ఉన్న కాగితం. ఒక్క సెమిస్టర్‌కే ఇచ్చారా, కోర్సు మొత్తానికా అన్నది కూడా అందులోనే చూసుకోవాలి. కోర్సుకు గుర్తింపు ఉందా అని కూడా అడుగుతారు. దూరవిద్య డిగ్రీ అయితే deb.ugc.ac.in లో యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు రెండూ ఉన్నాయో లేదో ఫారం నింపేముందే చూడండి.

"ఏమైంది బిడ్డా?" అని బాపు అడిగితే, "కొంచెం లేటయితది" అన్నా. అబద్ధమే.

రెండో వాయిదా పది వేలు సెప్టెంబర్లో కట్టా కదా, అది అనుమతి తర్వాతే కదా అని అప్పుడు వెలిగింది. దాన్ని విడిగా క్లెయిమ్ పెట్టా. ఈసారి రసీదు దగ్గర ఆగింది. నేను పెట్టింది యూపీఐ స్క్రీన్‌షాట్. అందులో డబ్బు వెళ్లినట్టుంది గానీ, ఎవరి ఫీజు, ఏ సెమిస్టర్, ఎందులో ట్యూషన్ ఎంత అనేది లేదు. యూనివర్సిటీ పోర్టల్లో లాగినైతే అసలు ఫీజు రసీదు పీడీఎఫ్ దొరికింది. నా పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, తేదీ, ట్యూషన్, పరీక్ష ఫీజు విడివిడిగా ఉన్నాయి. మా దగ్గర అడ్మిషన్, పరీక్ష, పుస్తకాల ఫీజులు ఇవ్వరు. అందుకే రసీదులో అన్నీ కలిపి ఒకే అంకె ఉంటే, ఫీజు వివరాలు విడగొట్టి రాసివ్వమని యూనివర్సిటీ ఆఫీసులో అడగాల్సిందే.

రసీదుతో పాటు నా ఖాతా బ్యాంక్ స్టేట్‌మెంట్, మార్కుల మెమో, అనుమతి కాపీ పెట్టా. రసీదులో పేరు, డబ్బు పోయిన ఖాతా పేరు ఒకటే కావడంతో ఇంకో ప్రశ్న రాలేదు. బాపు ఫోన్లోంచి కట్టిందే అయితే, తేదీ సరిగ్గా ఉన్నా ఇంకో ఉత్తరం రాయాల్సొచ్చేది. మార్చి జీతంతో 7,500 పడ్డాయి. మొదటి వాయిదా తాలూకు 7,500 మాత్రం పోయినట్టే.

ఇంకో రెండు సంగతులు. సొంత కోర్సు ఫీజుకి ఆదాయపు పన్నులో ట్యూషన్ ఫీజు మినహాయింపు రాదు, అది పిల్లల ఫీజుకే. కంపెనీ ఇచ్చే డబ్బు పన్ను లెక్కలో ఎక్కడ చూపిస్తారో పేరోల్ వాళ్లను ముందే అడగండి, ముఖ్యంగా జీతం ఎక్కువున్నవాళ్లు. డబ్బు తీసుకున్నాక ఏడాదిలోపు మానేస్తే ఫైనల్ సెటిల్‌మెంట్‌లో తిరిగి కోసుకుంటామని నా అనుమతి పత్రంలో చివరి పేరాలో ఉంది. ఉద్యోగం మారే ఆలోచనున్నవాళ్లు ఆ పేరా చదివాకే క్లెయిమ్ పెట్టాలి.

రెండో సెమిస్టర్‌కి ఈ లోపే అనుమతి తీసుకుని, మెయిల్ వచ్చిన మర్నాడే నా ఖాతాలోంచి 20 వేలు కట్టా. రిజల్ట్ వచ్చాక 15 వేలూ వచ్చాయి. పది వేలు బాపుకిస్తే లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "లేటయితదన్నవు, మస్తు లేటయింది" అన్నాడు.