అమోనియాలో రెండు గుంటలు: అట్టడుగు స్థాయి సౌష్ఠవంగానే ఎందుకుంటుంది?

ఇంటర్మీడియట్ రసాయన శాస్త్రంలో అమోనియా అణువు బొమ్మ మనమందరం వేసినవాళ్లమే. కింద మూడు హైడ్రోజన్లు, పైన ఒక నైట్రోజన్, పిరమిడ్ ఆకారం. ఆ బొమ్మకు మార్కులు తెచ్చుకున్నాం గానీ, నైట్రోజన్ పైనే ఎందుకుండాలి, కింద ఉండకూడదా అని మేమెన్నడూ అడగలేదు. డిగ్రీ చివరి సంవత్సరంలో ఆ ప్రశ్న ఎదురైంది. రాత్రి స్టడీ అవర్‌లో ముగ్గురం కూర్చుని లెక్క చేస్తే జవాబు తలకిందులుగా వచ్చింది. తప్పెక్కడుందో తెలుసుకోవడానికి మాకు వారం రోజులు పట్టింది. ఆ వారంలో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాం.

ముందు అమోనియా సంగతి చూద్దాం. మూడు హైడ్రోజన్లు ఒక తలంలో ఉంటాయి. నైట్రోజన్ ఆ తలానికి సుమారు 0.38 ఆంగ్‌స్ట్రామ్‌ల పైన ఉన్నప్పుడు స్థితిజ శక్తి కనిష్ఠం. అంతే దూరం కింద ఉన్నా సరిగ్గా అంతే శక్తి. సరిగ్గా తలంలోకి వస్తే మాత్రం శక్తి సుమారు 0.25 ఎలక్ట్రాన్ వోల్టులు పెరుగుతుంది. గ్రాఫు గీస్తే రెండు సమానమైన గుంటలు, నడుమ ఒక దిబ్బ కనిపిస్తాయి. పై గుంటలోంచి కింది గుంటలోకి మారడమంటే గాలివానలో గొడుగు తిరగబడటం లాంటిదే.

గుంట అడుగున అణువుకుండే కంపన శక్తి సుమారు 0.06 ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. న్యూటన్ లెక్కన అది దిబ్బ దాటలేదు. కానీ క్వాంటం శాస్త్రంలో తరంగ ప్రమేయం దిబ్బ అంచున ఆగిపోదు. లోపలికి సన్నగిల్లుతూ సాగి, అవతలి గుంటను కొద్దిగా తాకుతుంది. దీన్నే టన్నెలింగ్ అంటారు.

ఇప్పుడు లెక్క. నైట్రోజన్ పై గుంటలో ఉన్న స్థితిని ψ₁ అనుకుందాం. దాని అద్దపు ప్రతిబింబం, అంటే కింది గుంటలో ఉన్న స్థితి, ψ₂. రెంటి శక్తీ E₀. ఒకదానిలోంచి ఇంకోదానిలోకి కారే అవకాశాన్ని −A అని రాద్దాం. A ధన సంఖ్య. అణువు స్థితి c₁ψ₁ + c₂ψ₂ అయితే:

E c₁ = E₀ c₁ − A c₂
E c₂ = E₀ c₂ − A c₁

c₁ = c₂ అయితే శక్తి E₀ − A. ఇది సౌష్ఠవ స్థితి. c₁ = −c₂ అయితే శక్తి E₀ + A. ఇది ప్రతిసౌష్ఠవ స్థితి. ఒకటిగా ఉండాల్సిన స్థాయి రెండుగా చీలింది. రెంటి మధ్య తేడా 2A. అమోనియాలో ఇది సుమారు 0.0001 ఎలక్ట్రాన్ వోల్టు, అంటే సుమారు 24 గిగాహెర్ట్‌జ్ పౌనఃపున్యం. 1934లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో క్లీటన్, విలియమ్స్ సుమారు 1.25 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర అమోనియా వాయువు ఈ తరంగాలను పీల్చుకోవడం కొలిచి చూపించారు.

మేం ఆ రాత్రి −A బదులు +A అని రాశాం. దాంతో ప్రతిసౌష్ఠవ స్థితి కిందికి వచ్చింది. మాలో ఒకడు దాన్ని సమర్థించాడు కూడా. "సౌష్ఠవ తరంగం దిబ్బ నడుమ కూడా కొంత మిగిలి ఉంది. అక్కడ స్థితిజ శక్తి ఎక్కువ కదా! ప్రతిసౌష్ఠవ తరంగం అక్కడ సున్నా. దిబ్బను తప్పించుకున్న దానికే శక్తి తక్కువ ఉండాలి" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. మాకు జవాబు దొరకలేదు.

మొదట తెలిసింది ఏమిటంటే, పై సమీకరణాలు గుర్తును వాటంతట అవి తేల్చలేవు. ψ₂ బదులు −ψ₂ తీసుకుంటే A గుర్తు మారిపోతుంది. కానీ అప్పుడు c₁ = c₂ అన్న మిశ్రమమే ప్రతిసౌష్ఠవం అవుతుంది. కాబట్టి ψ₂ అంటే ψ₁కు అదే గుర్తుతో ఉన్న ప్రతిబింబమని ముందే ఖాయం చేసుకోవాలి. ఆ తర్వాత A గుర్తు మన ఇష్టం కాదు.

రెండవది, మావాడు స్థితిజ శక్తిని లెక్కపెట్టి గతిజ శక్తిని మరచిపోయాడు. తరంగ ప్రమేయం ఎంత ఏటవాలుగా ఉంటే గతిజ శక్తి అంత ఎక్కువ. దిబ్బ లోపల సౌష్ఠవ తరంగం రెండు గుంజల మధ్య వదులుగా కట్టిన దండెం తాడులా కొంచెం జారి మళ్లీ లేస్తుంది. ప్రతిసౌష్ఠవ తరంగం ధనం నుంచి సున్నా మీదుగా ఋణంలోకి దిగాలి. అందుకని గుంట అంచు దగ్గర అది ఇంకాస్త ఏటవాలుగా ఉంటుంది. ఆ వాలుకు కలవాలంటే గుంట లోపల కూడా తరంగం ఎక్కువ వంగాలి, అంటే తరంగదైర్ఘ్యం కొద్దిగా తగ్గాలి. దిబ్బ దగ్గర ఆదా చేసిన దానికంటే ఇక్కడ పెట్టే ఖర్చే ఎక్కువ.

"ఎక్కువని నమ్మకమేమిటి?" అని వాడు మళ్లీ అడిగాడు. దానికి చక్కని రుజువుంది. అట్టడుగు స్థితి ప్రతిసౌష్ఠవమే అనుకుందాం. దాని ఋణ భాగాన్ని పైకి తిప్పుదాం. ప్రమేయం వర్గం మారదు, వాలు వర్గం మారదు, కాబట్టి శక్తి మారదు. కానీ నడుమ 'V' అక్షరంలా ఒక మొన ఏర్పడింది. ఆ మొనను ε అనే చిన్న వెడల్పులో నునుపు చేద్దాం. వాలు తగ్గినందుకు గతిజ శక్తిలో ఆదా ε కు అనుపాతంలో ఉంటుంది. సున్నాను కొంచెం పైకెత్తినందుకు స్థితిజ శక్తిలో ఖర్చు ε³ కు అనుపాతంలో ఉంటుంది. ε తగినంత చిన్నదైతే, దిబ్బ ఎంత ఎత్తున్నా ఆదాయే గెలుస్తుంది. అంటే అట్టడుగు అనుకున్న దానికంటే కింద ఇంకో స్థితి దొరికింది. ఇది అసంభవం. కాబట్టి అట్టడుగు స్థితి ఎక్కడా గుర్తు మార్చుకోదు. సమానమైన రెండు గుంటలున్నప్పుడు అది సౌష్ఠవమే. దిబ్బ అనంతమైతే మాత్రం A సున్నా అయి, రెండు స్థాయిలూ కలిసిపోతాయి.

మరి పాఠ్యపుస్తకంలోని బొమ్మ తప్పా? నైట్రోజన్ పైనున్న స్థితి రెండు స్థాయిల మిశ్రమం, అది నిలకడగా ఉండదు. దాన్ని అక్కడే చూసే సంభావ్యత cos²(At/ħ) ప్రకారం మారుతుంది. 24 గిగాహెర్ట్‌జ్ లెక్కన సుమారు 21 పికోసెకన్లలో నైట్రోజన్ అవతలి వైపు ఉంటుంది, 42 పికోసెకన్లకు తిరిగి వస్తుంది. హైడ్రోజన్ల బదులు వాటికి రెట్టింపు బరువైన డ్యుటీరియం పెడితే తరంగం దిబ్బలో త్వరగా సన్నగిల్లుతుంది. పౌనఃపున్యం సుమారు 1.6 గిగాహెర్ట్‌జ్‌కు, అంటే పదిహేనో వంతుకు పడిపోతుంది.

రెండే స్థాయిలతో సరిపెట్టడం న్యాయమా అంటే, తరువాతి కంపన స్థాయి సుమారు 0.12 ఎలక్ట్రాన్ వోల్టుల పైన ఉంది. మన చీలికకు అది వెయ్యి రెట్లకు మించిన దూరం. గది ఉష్ణోగ్రతలో నూటికి ఒక అణువు మాత్రమే అక్కడికి చేరుతుంది. కింది జంటలో మాత్రం రెండు స్థాయిల్లోనూ అణువులు దాదాపు సమానం. అందుకే 1954లో కొలంబియా విశ్వవిద్యాలయంలో టౌన్స్, గోర్డన్, జైగర్ పై స్థాయి అణువులను విద్యుత్ క్షేత్రంతో వేరుచేసి ఒక పెట్టెలోకి పంపి, మొదటి మేజర్‌ను పనిచేయించారు.

ఒక హద్దు కూడా చెప్పాలి. గుంటలు సమానం కాకుండా ఒకటి δ మేరకు లోతుగా ఉంటే తేడా √(δ² + 4A²) అవుతుంది. δ బాగా పెద్దదైతే అణువు లోతైన గుంటలోనే ఉండిపోతుంది. అప్పుడు సౌష్ఠవం మాటే ఉండదు, కానీ అట్టడుగు తరంగం గుర్తు మార్చుకోదన్నది అప్పుడూ నిజమే.

తమ్ముళ్లూ, పరీక్షలో ఈ లెక్క వస్తే గుర్తు మీద అనుమానం పెట్టుకోకండి. రెండు తరంగాలూ గీసి, నడుమ ఏది సున్నా దాటుతుందో చూడండి. దాటేదే పై స్థాయి.