దోమల పెట్టెలో చెయ్యి

ప్రయోగశాల బల్ల మీద మూర కంటే కాస్త చిన్న చదరపు పెట్టె ఉంటుంది. చుట్టూ సన్నని వల, ముందువైపు చెయ్యి దూర్చడానికి చొక్కా చేతిలాంటి గుడ్డ తొడుగు. లోపల 200 నుంచి 250 దాకా ఆడ దోమలు. వయసు అయిదారు రోజులు. ఇంతవరకూ రక్తం రుచి చూడనివి. కొన్ని గంటల ముందే వాటికి చక్కెర నీళ్లు కూడా ఆపేశారు. డెంగీ మోసుకొచ్చే ఈడిస్ ఈజిప్టై జాతివే అయినా, ప్రయోగశాలలోనే తరతరాలుగా పెంచినవి కాబట్టి వీటిలో ఏ రోగమూ ఉండదు. ఆకలి మాత్రం ఉంటుంది.

ఆ పెట్టెలో ఒక మనిషి తన చెయ్యి పెడతాడు. అరచేతికి దోమ ముక్కు దిగనంత మందమైన గ్లవ్ వేసుకుంటాడు. మణికట్టు నుంచి మోచేయి దాకా మాత్రం చర్మం బయటే ఉంటుంది. ముందు మందు రాయని చెయ్యి పెట్టాలి. ముప్ఫై సెకన్లలో కనీసం పది దోమలు వాలితేనే పరీక్ష మొదలవుతుంది. అంతకంటే తక్కువ వాలాయంటే ఆ దోమలకు ఆకలి లేదని అర్థం, ఆ పెట్టె పనికిరాదు. తరువాత మందు రాసిన చెయ్యి మూడు నిమిషాలు లోపల ఉంచుతారు. అర గంట ఆగి మళ్లీ మూడు నిమిషాలు. ఇలా గంటల తరబడి సాగుతుంది. మందు చేతి మీద మొదటి దోమ వాలి ముక్కు గుచ్చబోయిన క్షణంలో గడియారం ఆపేస్తారు. మందు రాసినప్పటి నుంచి ఆ క్షణం దాకా గడిచిన కాలమే ‘పూర్తి రక్షణ సమయం’. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లోని పద్ధతి దాదాపు ఇదే. దోమల మందు ట్యూబు మీద ‘ఇన్ని గంటల రక్షణ’ అని కనిపించే అంకె ఇలాంటి పరీక్షల్లోంచి పుట్టిందే.

ఈ పరీక్షలో కొత్త మందును పక్కన పెట్టి పోల్చడానికి వాడేది డీట్. అమెరికా వ్యవసాయ శాఖ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికుల కోసం వేల రసాయనాలను పరీక్షించింది. వాటిలోంచి నెగ్గుకొచ్చిన డీట్‌ను 1946లో సైన్యం, 1957 నుంచి సామాన్య జనం వాడుతున్నారు. మన ఇళ్లలో బాగా తెలిసిన ఓడోమాస్ క్రీములో ఉండేది డీట్ కాదు, దానికి దగ్గరి చుట్టం డైఇథైల్ బెంజమైడ్. రెంటికీ తేడా ఒక్క మిథైల్ గుంపే. వీటిలో ఏదీ దోమను చంపడానికి రాసేది కాదు. దోమలబత్తి పొగలో ఉండే మందు పురుగు నరాలను దెబ్బతీస్తుంది. చర్మానికి రాసే మందు పని అది కాదు. దోమ బతికే ఉంటుంది, కుట్టకుండా వెళ్లిపోతుంది, అంతే.

ఎందుకు వెళ్లిపోతుంది? డీట్ బజారులోకి వచ్చిన యాభై ఏళ్లకు కూడా శాస్త్రవేత్తలు దీని మీద ఒక మాట మీదికి రాలేదు. మనిషి వాసన దోమకు తగలకుండా డీట్ దాని ముక్కు మూసేస్తుందని ఒక వాదం. ఆ ఘాటు నచ్చకనే దోమ పారిపోతుందని ఇంకో వాదం. 2008లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో లెస్లీ వోషాల్ బృందం మొదటి వాదానికి బలమిచ్చే ఫలితాలు ప్రకటించింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో వాల్టర్ లీల్ బృందం దాన్ని కాదంది. డీట్ వాసనకు దోమ మీసాల్లోని కణాలు స్పందిస్తున్నాయని, మనిషి వాసన లేని చోట కూడా దోమ డీట్‌ను తప్పించుకుంటోందని చూపింది. పైగా ఒక చురక కూడా అంటించింది. వాసన పదార్థాన్ని, డీట్‌ను ఒకే గొట్టంలో కలిపి ఊదితే, డీట్ ఆ వాసనను గాలిలోకి లేవనివ్వదని, అందువల్ల దోమ ముక్కు మూసుకుపోయినట్టు కనిపిస్తుందని చెప్పింది.

తరువాత వోషాల్ బృందమే ఇంకో దారి పట్టింది. దోమ మీసాల మీద వాసనలను పట్టే గ్రాహకాలలో ఒక పెద్ద వర్గం ఒంటరిగా పని చెయ్యదు. వాటన్నిటికీ ఓర్కో అనే ఉమ్మడి జోడీ ప్రొటీన్ కావాలి. ఆ జన్యువును చెడగొట్టిన ఈడిస్ దోమలను తయారు చేసి, 2013లో ఫలితాలు ప్రకటించారు. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే గ్రాహకాలు వేరు కాబట్టి, ఈ దోమలు మనిషిని వెతుక్కుంటూ రాగలిగాయి. డీట్ వాసన మాత్రం వాటిని దూరం నుంచి ఆపలేదు. నేరుగా వచ్చి మందు రాసిన చేతి మీద వాలాయి. కానీ వాలగానే లేచిపోయాయి, కుట్టలేదు!

అంటే దోమకు ముక్కు కాకుండా ఇంకో కాపలాదారు ఉన్నాడన్నమాట. అతడెవరో 2019లో తేలింది. దోమ కాళ్ల చివరి కణుపుల మీద జిగురు పూసి గట్టిపరిచారు. పాదాలకు చర్మం తగిలినా రుచి తెలియని ఆ దోమల ముందు డీట్ రాసిన చేతికి రక్షణ లేకుండా పోయింది. మనం నాలుకతో చూసే రుచిని దోమ పాదాలతో కూడా చూస్తుంది. ఇది ఒట్టి చేదు సంగతి కూడా కాదు. అదే ప్రయోగాల్లో క్వినైన్ కూడా పెట్టి చూశారు. చక్కెర నీళ్లలోనో రక్తంలోనో కలిపితే డీట్‌లాగే క్వినైన్‌ను కూడా దోమ తాగలేదు. చర్మం మీద రాస్తే మాత్రం క్వినైన్‌ను పట్టించుకోలేదు. పాదాలకు తగలగానే లేచిపోయేలా చేసింది డీట్ ఒక్కటే.

ఇంతటితో కథ ముగిసిందనుకుంటే అనాఫిలిస్ దోమ అడ్డొచ్చింది. మలేరియా మోసే ఈ జాతి మీసాల్లోని నరకణాలు స్పందించినప్పుడు వెలిగేలా జన్యువులు మార్చి, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2019లో పరీక్షించారు. నిమ్మగడ్డి నూనె తగిలితే కణాలు బాగా వెలిగాయి. డీట్‌కు వెలగలేదు. మనిషి వాసనలో ఉండే పదార్థాలకు డీట్ కలిపి ఊదితే ఆ వెలుగు కూడా తగ్గిపోయింది. కారణం, డీట్ ఆ పదార్థాలను గాలిలోకి లేవకుండా పట్టి ఉంచడం. లీల్ బృందం ప్రయోగంలో పొరపాటుగా చూపించిన సంగతే ఈ జాతి విషయంలో అసలు కిటుకుగా తేలింది. ఒకే మందు ఒక దోమకు కంపు కొడుతుంది, ఇంకో దోమకు మనిషి వాసనను కప్పేస్తుంది. అందుకే ఒక జాతి మీద తేలిన రక్షణ సమయాన్ని ఇంకో జాతికి అంటగట్టరు. ప్రతి జాతితో పరీక్ష విడిగా చెయ్యాలి.

మళ్లీ పెట్టె దగ్గరికి వద్దాం. ప్రామాణిక పరీక్షలో 20 శాతం డీట్ ద్రావణం ఒక మిల్లీలీటరు తీసుకుని 600 చదరపు సెంటీమీటర్ల చర్మం మీద సమంగా పరుస్తారు. అంటే 200 మిల్లీగ్రాముల మందు. చదరపు సెంటీమీటరుకు మిల్లీగ్రాములో మూడో వంతు. ఆ క్షణం నుంచే అది తరగడం మొదలవుతుంది. కొంత గాలిలోకి పోతుంది, కొంత చర్మంలోకి ఇంకుతుంది. బయటైతే చెమటకు, బట్టల రాపిడికి ఇంకొంత పోతుంది. ఎంత ఉంటే అంతలో ఇంత భాగం అన్న లెక్కన తరగడమే ఇక్కడి మెలిక. రెండు గంటలకు సగం పోతుందని, ఒక వంతు మిగిలేదాకా దోమ దగ్గరికి రాదని అనుకుందాం. ఎనిమిది వంతులు రాస్తే ఆరు గంటల రక్షణ. పదహారు వంతులు రాస్తే పన్నెండు కాదు, ఎనిమిది గంటలే. మందు రెట్టింపైనా సమయం రెండు గంటలే పెరిగింది.

నిజమైన అంకెల్లో కూడా ఇదే కనిపిస్తుంది. 2002లో ఫ్రాడిన్, డే అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 15 మంది చేతుల మీద బజారులో దొరికే మందులను పోల్చి చూశారు. 4.75 శాతం డీట్ సగటున 88 నిమిషాలు కాపాడింది. 23.8 శాతం డీట్ 301 నిమిషాలు. మందు అయిదు రెట్లు, సమయం మూడున్నర రెట్ల లోపే. సుమారు 50 శాతం దాటాక ఇంకా చిక్కగా ఉన్న సీసా కొన్నా పెద్దగా కలిసొచ్చే సమయం ఉండదు. ట్యూబు మీది శాతం మందు ఎంత గట్టిదో చెప్పదు, ఎంతసేపు నిలుస్తుందో చెబుతుంది. సిట్రొనెల్లా నూనె మందులు అదే పరీక్షలో 20 నిమిషాల్లోపే చేతులెత్తేశాయి. మణికట్టుకు కట్టుకునే మందు పట్టీలైతే అర నిమిషం కూడా నిలవలేదు.

ఈ నిమిషాలను చదవడానికి ఒక జాగ్రత్త కావాలి. పరీక్ష ఆగేది సగటు దోమ దగ్గర కాదు, అన్నిటికంటే మొండి దోమ దగ్గర. ఫ్రాడిన్, డే పెట్టెలో ఉన్నవి పది దోమలు. అదే మందు రాసిన చెయ్యిని 200 దోమల పెట్టెలో పెడితే మొండిది తగిలే అవకాశం పెరుగుతుంది, గడియారం ముందే ఆగుతుంది. మందులో లోపమేమీ ఉండదు, పెట్టె మారింది అంతే. ఎన్ని దోమలతో పరీక్షించారో తెలియకుండా రెండు ట్యూబుల మీది గంటలను పోల్చడం కుదరదు. ఒంటరి కుట్టు కాకతాళీయం కావచ్చని అమెరికా పద్ధతిలో ఇంకో నియమం పెట్టారు. మొదటి కుట్టు తరువాత అర గంటలోపు రెండోది పడితేనే మొదటిదాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

మనుషులు కూడా ఒకలా ఉండరు. ఒకరి చేతి మీద నాలుగు గంటలు నిలిచిన మందు ఇంకొకరి మీద రెండు గంటలకే వదిలేయవచ్చు. అందుకే అనేకమంది మీద చేసి, వచ్చిన సమయాల్లో మధ్య విలువను చెబుతారు. అంటే, పరీక్షకు వచ్చిన వారిలో సగం మందికి ట్యూబు మీది సమయం కంటే ముందే దోమ కుట్టిందన్నమాట. పరీక్షకు వచ్చేవారు ముందు రోజు నుంచే సిగరెట్, మద్యం, సెంటు, వాసన సబ్బులు మానుకోవాలి. ఎండలో చెమటోడ్చి పొలం పని చేసే మనిషికి ఆ గది చల్లదనమూ ఉండదు, ఆ కదలని చెయ్యీ ఉండదు. ఆరుబయట పరీక్షలు విడిగా జరిపేది అందుకే.

ఇక ఆ గ్లవ్ సంగతి. మందు మణికట్టు దాకా ఉంది కదా, ఆ ఘాటు అరచేతిని కూడా కాపాడదా అనిపిస్తుంది. కాపాడదు. మందు రాసిన చోటికి కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే దోమ హాయిగా కుడుతుంది. గ్లవ్ వేళ్ల దగ్గర చిన్న చిరుగుంటే, డీట్ రాసిన చేతిని వదిలేసి ఆ చిరుగులోంచే ముక్కు దించుతుంది. ఇంట్లో ఆ చిరుగు మడమ వెనక ఉంటుంది, చెవి కింద ఉంటుంది, హడావిడిగా రాసుకున్నప్పుడు వేళ్లు తగలని రూపాయి బిళ్లంత చోట ఉంటుంది. దోమ పాదాలు అక్కడే ఆనుతాయి.