సచిన్ చెప్పాడా? సచిన్ చేత చెప్పించారా?

ఇండియా నుంచి బాబాయిగారో, పెద్దమ్మగారో వాట్సాప్‌లో ఒక వీడియో పంపి "ఇది నిజమేనంటావా?" అని అడగడం మన ఇళ్ళల్లో మామూలైపోయింది. అందులో పేరున్న ఆటగాడో, సినీనటుడో కనిపించి ఫలానా యాప్‌లో రోజూ డబ్బే డబ్బు అంటాడు. ఫోను వాడకంలో పెద్దలకంటే చురుకైన మన బడి పిల్లలు ఈ ప్రశ్నకు జవాబు వెతకడం నేర్చుకుంటే బాగుంటుందని ఈ వ్యాసం.

2024 జనవరిలో సచిన్ టెండూల్కర్ వీడియో ఒకటి ఇలాగే తిరిగింది. తన కూతురు సారా ఆ యాప్‌లో ఆడి రోజుకు 1,80,000 రూపాయలు సంపాదిస్తోందని ఆయనే చెబుతున్నట్టు ఉంటుంది. యాప్ పేరు స్కైవార్డ్ ఏవియేటర్ క్వెస్ట్. జనవరి 15న సచిన్ తన ఎక్స్ ఖాతాలో ఆ వీడియో నకిలీదని ప్రకటించారు. ముంబయి సైబర్ పోలీసులు కేసు కూడా నమోదు చేశారు.

ఇలాంటివి చేసేవాళ్ళు మనిషిని మొత్తం బొమ్మలా గీయనక్కర్లేదు. పాత ఇంటర్వ్యూ ఒకటి తీసుకుంటారు. అందులోని గొంతును కంప్యూటరుకు వినిపించి, అదే గొంతుతో కొత్త మాటలు పలికిస్తారు. ఆ మాటలకు తగ్గట్టు నోటి చుట్టూ ఉన్న భాగాన్ని మాత్రం మారుస్తారు. కళ్ళు, చేతులు, చొక్కా అన్నీ అసలువే. అందుకే చూడగానే నమ్మేస్తాం.

పిల్లలూ, మీరు నేర్చుకున్న పవర్గం ఇక్కడ పనికొస్తుంది. ప, బ, మ పలకాలంటే పెదవులు కలవాలి కదా! వీడియోలో ఆ అక్షరాలు వినిపించినప్పుడు పెదవులు కలవకపోతే అనుమానించాలి. అయితే ఈ పరీక్ష ఒక్కటే చాలదు. హిందీలో తీసి తెలుగులోకి డబ్బింగ్ చేసిన అసలు ప్రకటనలోనూ పెదవులు కలవవు. పైగా చేతులు మారి మారి వచ్చిన వాట్సాప్ వీడియోలో నోరు అలుక్కుపోయి ఉంటుంది.

అంతకంటే మంచి పని, అసలు వీడియోను వెతకడం. వెనకాల గోడ, చొక్కా స్పష్టంగా కనిపించేచోట ఆపి స్క్రీన్‌షాట్ తీయండి. దాన్ని గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతకండి. అదే చొక్కా, అదే గోడ, అవే చేతి కదలికలతో పాత ఇంటర్వ్యూ దొరికి, అందులో యాప్ ఊసే లేకపోతే గుట్టు రట్టయినట్టే. దొరకకపోతే మాత్రం వీడియో నిజమని అర్థం కాదు, ఇంకా తేలలేదని అర్థం.

ప్రకటన పెట్టిందెవరో కూడా చూడాలి. పేరు పక్కన నీలిరంగు టిక్కు ఉంటే చాలదు, ఇప్పుడది నెలకింత అని కడితే వస్తోంది. ఫేస్‌బుక్ పేజీల్లో Page transparency అన్నచోట ఆ పేజీ ఎప్పుడు పుట్టింది, ఇదివరకు ఏ పేరుతో ఉండేది అన్నవి కనిపిస్తాయి. నిన్నటిదాకా బట్టల కొట్టు పేరుతో ఉన్న పేజీ ఇవాళ క్రికెటర్ పేరు పెట్టుకుంటే కారణం ఊహించుకోవచ్చు.

నా మటుకు నేను ఎక్కువగా నమ్మేది లింకునే. ప్రకటన నొక్కితే అచ్చం ప్లే స్టోర్‌లాంటి పేజీ తెరుచుకుంటుంది. చుక్కలు, సమీక్షలు, ఇన్‌స్టాల్ బటన్ అన్నీ ఉంటాయి. పైనున్న చిరునామాలో https:// తర్వాత మొదటి గీత వచ్చేదాకా ఉన్న భాగాన్ని ఉర్దూ చదివినట్టు కుడి నుంచి ఎడమకు చదవండి. మచ్చుకు ఈ రెండూ చూడండి:

```
https://play.google.com/store/apps
https://play.google.com.bonus-win.example/store/apps
```

మొదటిదాని యజమాని google.com. రెండోదాని యజమాని bonus-win.example, ముందున్న గూగుల్ పేరు వట్టి ముసుగు. అక్కడి బటన్ నొక్కితే .apk అనే ఫైలు దిగుతుంది. దాన్ని ఫోనులో పెట్టుకుంటే డబ్బుతోపాటు ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీలు కూడా పోవచ్చు.

ఇంతా చూశాక వీడియోలో ఉన్నది అసలు మనిషే అని తేలిందనుకోండి. అప్పుడైనా యాప్ మంచిదని కాదు. బెట్టింగ్ యాప్‌లకు నిజంగానే ప్రచారం చేశారంటూ 2025 మార్చిలో హైదరాబాదులో కొందరు సినీనటుల మీద, యూట్యూబర్ల మీద పోలీసులు కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో భారత పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనే కాక వాటి ప్రకటనలను కూడా నిషేధించింది. కాబట్టి బాబాయిగారికి చెప్పాల్సిన జవాబు వీడియో అసలైనా, నకిలీ అయినా ఒక్కటే.

అప్పటికే డబ్బు కట్టేసి ఉంటే వాళ్ళు అక్కడినుంచే 1930కి ఫోన్ చేసి, cybercrime.gov.in లో ఫిర్యాదు ఇవ్వాలి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బును ఆపించే వీలు అంత ఎక్కువ. లావాదేవీ నంబరు, వీడియో, లింకు చెరిపేయవద్దని ముందే చెప్పండి. చాలామంది సిగ్గుపడి మొదట చేసే పని అదే. ఇక్కడ అమెరికాలో ఎవరైనా మోసపోతే reportfraud.ftc.gov లో చెప్పవచ్చు.