నలభై పులుపు తీపికి, అరవై చిక్కదనానికి

కాఫీ పలచగా ఉంటే మనకు తెలిసిన మందు ఒకటే, ఇంకో చెంచా పొడి వెయ్యడం. చేదెక్కితే పొడి తగ్గిస్తాం, లేకపోతే పంచదార పెంచుతాం. పొడి అంతే, నీళ్లూ అంతే ఉంచి, ఆ నీళ్లను ఎన్ని విడతల్లో పోస్తున్నామన్నది మార్చి రుచిని దిద్దవచ్చని జపాన్‌కు చెందిన టెట్సు కసుయా చూపించారు. 2016లో డబ్లిన్‌లో జరిగిన ప్రపంచ బ్రూయర్స్ కప్‌ను ఆయన గెలిచింది ఈ పద్ధతితోనే. ఆసియా నుంచి ఆ కప్పు అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే.

కసుయా మొదట ఐటీ ఉద్యోగి. మధుమేహం బయటపడి ఆస్పత్రిలో చేరినప్పుడు, తీపి పానీయాలు మానక తప్పని పరిస్థితిలో కాఫీ వైపు తిరిగారు. పంచదార లేని కప్పులో తీపి కోసం వెతికిన మనిషి కాబట్టే కాబోలు, ఆయన పద్ధతిలో సగం దృష్టి తీపి మీదే ఉంది.

ఇది పోర్‌ఓవర్ కాఫీకి చెందిన పద్ధతి. గరాటు లాంటి డ్రిప్పర్‌లో కాగితపు ఫిల్టర్ పెట్టి, అందులో పొడి వేసి, పైనుంచి వేడినీళ్లు పోస్తే కింది పాత్రలోకి కాఫీ దిగుతుంది. పాలు కలపరు. కసుయా లెక్కలో పొడి 20 గ్రాములు, నీళ్లు దానికి పదిహేను రెట్లు, అంటే 300 గ్రాములు. పొడి గోధుమ రవ్వంత బరకగా ఉండాలి. నీటి వేడి గింజ వేపుడును బట్టి మారుతుంది. లేత వేపుడుకు 93 డిగ్రీలు, మధ్యరకానికి 88, ముదురు వేపుడుకు 83 అని ఆయన సూచన.

ఆ 300 గ్రాముల నీళ్లను ఆయన రెండు భాగాలు చేస్తారు. మొదటి నలభై శాతం, అంటే 120 గ్రాములు, పులుపు తీపి మధ్య తూకం కోసం. మిగిలిన అరవై శాతం, 180 గ్రాములు, చిక్కదనం కోసం. మామూలుగా అయితే అరవై గ్రాముల చొప్పున ఐదుసార్లు పోస్తారు. ఒక్కో విడతకూ మధ్య సుమారు 45 సెకన్ల వ్యవధి ఉంటుంది. ముందు పోసిన నీళ్లు దాదాపు పూర్తిగా దిగాకే తర్వాతి విడత పొయ్యాలి. మూడున్నర నిమిషాలకు డ్రిప్పర్ తీసేయాలి.

మొదటి 120 గ్రాములను రెండు విడతలుగా పోస్తాం. రెండూ సమానం అయితే రుచి మధ్యస్థంగా ఉంటుంది. మొదట 50, తర్వాత 70 పోస్తే తీపి వైపు మొగ్గుతుందనీ, మొదట 70, తర్వాత 50 పోస్తే పులుపు తేలుతుందనీ కసుయా చెబుతారు. ఇక్కడ తీపి అంటే పంచదార తీపి కాదు. పులుపు గొంతు తగ్గినప్పుడు నాలుకకు అందే ఒక మెత్తదనం. బాగా పండిన కాయలోంచి వచ్చిన గింజైతే అది మరింత తెలుస్తుంది.

మొదటి విడతలో డ్రిప్పర్ కింద కాసేపు చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. పొడి తన బరువుకు సుమారు రెండింతల నీటిని పట్టి ఉంచుకుంటుంది. ఇరవై గ్రాముల పొడి దగ్గర దగ్గర నలభై గ్రాముల నీళ్లు తాగేస్తుంది. అందుకే 50 గ్రాములు పోసినప్పుడు కింద పడేది కొద్ది చుక్కలే. 70 పోస్తే అంతకు రెండు మూడింతలు పడుతుంది. మొత్తం 300 పోసినా చివరికి కప్పులోకి వచ్చేది 260 ప్రాంతం ఎందుకంటే కారణం ఇదే. కాఫీలోని ఆమ్లాలు త్వరగా కరుగుతాయి, చేదు పదార్థాలు నెమ్మదిగా వస్తాయి. ఆ తొలి చుక్కల్లో పులుపు ఎక్కువ.

రెండో భాగం నాకు మరింత నమ్మకమైనదిగా తోస్తుంది. 180 గ్రాములనూ ఒకేసారి పోస్తే కప్పు తేలికగా ఉంటుంది. తొంభై చొప్పున రెండుసార్లు పోస్తే మధ్యస్థం. అరవై చొప్పున మూడుసార్లు పోస్తే చిక్కగా వస్తుంది. నీళ్లు ఒక్కసారిగా నిండితే మట్టం పైకి ఎక్కి, బరువు పెరిగి, ప్రవాహం వేగమవుతుంది. కొంత నీరు పొడిని తాకకుండా కాగితం అంచుల వెంట జారిపోతుంది కూడా. కొద్దికొద్దిగా పోస్తే మట్టం తక్కువగా ఉంటుంది. ప్రతి విడతా పొడిని కదిలిస్తుంది. కొత్త నీటికి సారాన్ని లాగే శక్తి ఎక్కువ. పైగా పొడి నీళ్లలో ఉండే సమయం పెరుగుతుంది. కాబట్టి చిక్కదనం పెరగడం నాలుకకు స్పష్టంగా అందుతుంది. మొదటి భాగంలోని 50, 70 తేడా మాత్రం గింజను బట్టి ఒకసారి బాగా తెలుస్తుంది, ఒకసారి కష్టంగా తెలుస్తుంది. పక్కపక్కన రెండు కప్పులు పెట్టుకుని చల్లారుతుండగా తాగితేనే దాన్ని నిర్ధారించుకోగలం.

మన విశాఖ మన్యంలో పండే అరకు అరబికా మధ్యరకం వేపుడు గింజ తీసుకుందాం. మొదట 60, 60, తర్వాత 60, 60, 60 గా తీస్తే చిక్కగా ఉండి, చివర కొంచెం పులుపు పదునుగా తగిలిందనుకోండి. రెండింటినీ ఒకేసారి మార్చకండి. ముందు 50, 70 చేసి, మిగిలిన మూడూ అలాగే ఉంచండి. పులుపు మెత్తబడితే అక్కడ ఆగవచ్చు. ఇంకా బరువనిపిస్తే తర్వాతి రోజు చివరి భాగాన్ని 90, 90 చేయండి. ఏ మార్పు వల్ల ఏం వచ్చిందో అప్పుడే తెలుస్తుంది.

ఇదంతా పొడి మెత్తదనం ఒకేలా ఉంటేనే. పొడి మెత్తగా ఉంటే తర్వాతి విడత పోసేలోపు ముందటి నీళ్లు దిగవు. డ్రిప్పర్‌లో గుంటలా నిలుస్తాయి. మొత్తం నాలుగున్నర నిమిషాలు దాటిపోతే చేదు, వగరు ఖాయం. మరీ బరకగా ఉంటే రెండున్నర నిమిషాల్లోనే అయిపోయి, ఎన్ని విడతలు పోసినా నీళ్లలాగే ఉంటుంది. కాబట్టి ముందు గడియారం చూసి పొడిని సరిచేసుకోవాలి, విడతల లెక్క ఆ తర్వాత. గ్రాములు చూపే చిన్న తూకం డ్రిప్పర్ కింద ఉండటం తప్పనిసరి. కంటి అంచనాతో 50కీ 70కీ తేడా చూపడం కుదరదు.

చికోరీ కలిపిన పొడికి ఈ పద్ధతి పనికిరాదు. చికోరీ నీటిలో త్వరగా కరిగిపోతుంది, రంగూ చేదూ మొదటి విడతల్లోనే దిగిపోతాయి, కాబట్టి విడతల తేడా కనిపించదు. పాలు పోసి తాగే కాఫీకి దక్షిణాది ఫిల్టర్ డికాక్షనే తగినది. ఇది ఉత్త నల్ల కాఫీ తాగేవాళ్లకోసం. ఒక చిన్న కప్పు చాలంటే పొడి 15 గ్రాములు, నీళ్లు 225. మొదటి రెండు విడతలూ 45 చొప్పున, తర్వాతి 135ను కావలసిన చిక్కదనానికి తగ్గట్టు ఒకటిగానో రెండుగానో మూడుగానో పోసుకోవచ్చు. పొడి పొర పలచబడుతుంది కాబట్టి నీళ్లు త్వరగా దిగుతాయి. అప్పుడు గ్రైండర్‌ను ఒక గీత మెత్తవైపు జరపండి.