రాత్రి చలిని దాచుకునే ఇల్లు

ఇరాన్‌లోని యజ్ద్ ఎడారి ఊరు. వేసవి మధ్యాహ్నం వీధిలో ఎండ 40 డిగ్రీలు దాటినా, పాతబస్తీలోని మట్టి ఇంట్లోకి అడుగుపెడితే ప్రాణం లేచివస్తుంది. ఆ చల్లదనానికి ఏర్పాటు ముందురోజు రాత్రే మొదలవుతుంది.

ఎడారి గాలిలో తేమ తక్కువ. అందుకే పగలు కాగిన డాబా, పొద్దుగూకాక తన వేడిని ఆకాశానికి త్వరగా వదిలేస్తుంది. దాన్ని ఆనుకుని చల్లబడిన గాలి బరువెక్కి ఇంటి నడుమనున్న వాకిట్లోకి దిగి, తెరిచిన తలుపుల్లోంచి గదుల్లోకి పాకి గోడలను చల్లబరుస్తుంది. ఎండెక్కకముందే తలుపులు మూసేయాలి. అర మీటరు మందమున్న మట్టిగోడను దాటి ఎండ వేడి లోపలికి రావడానికి చాలా గంటలు పడుతుంది. అది వచ్చేసరికి పొద్దుగూకిపోతుంది, పూర్వం ఆ వేళకు ఇంటిల్లిపాదీ పడకలు డాబా మీదికి చేర్చేవారు.

వాకిలి లోతుగా ఉండటంతో చుట్టూ గోడల నీడే దాన్ని కాపాడుతుంది. దక్షిణం పక్కన ఉత్తరానికి తెరుచుకునే గదులు వేసవికి, ఎదుటి వరస చలికాలానికి.

రాత్రి కూడా ఉక్కపోసే తేమ ప్రాంతాల్లో ఈ పద్ధతి ఇంతగా పనిచేయదు. పొడి ఎండల రాయలసీమ, తెలంగాణ ఊళ్లలో పనికొస్తుంది. మీ పాత ఇంటి నడిమి వాకిలికి రేకులు వేయించాలనుకుంటే ఒక్కసారి ఆగండి. రేకు పడితే రాత్రి వేడి పైకి పోయే దారి మూసుకుపోతుంది. ఏప్రిల్‌లో ఒక ఉదయం లోపలి గోడకు అరచేయి ఆనించి చూసి, ఆ తర్వాతే నిర్ణయించుకోండి.